మా రోజుల్లో ఫొటో కింద పేరుండేది

మా రోజుల్లో ఫొటో అంటే చేత్తో పట్టుకునే వస్తువు. ముందువైపు నిగనిగలాడే బొమ్మ, వెనకవైపు తెల్ల కాగితం. పత్రికాఫీసులో మా పని మొదలయ్యేది ఆ వెనకవైపు నుంచే. తీసినాయన రబ్బరు స్టాంపు అక్కడ ఉండేది. స్టూడియో పేరు, ఊరు, కింద పెన్సిల్‌తో ఎవరి బొమ్మ, ఎక్కడ తీసింది, ఏ రోజున తీసింది అన్నీ ఉండేవి. స్టాంపు లేని ఫొటో డెస్కు మీదికొస్తే మా పెద్దాయన దాన్ని తిరగేసి చూసి, "ఇదెవరిదయ్యా?" అనేవాడు. జవాబు చెప్పలేకపోతే ఆ ఫొటో పేజీలోకి వెళ్లేది కాదు. ఎంత బాగున్నా సరే, సొరుగులోకే వెళ్లేది.

బొమ్మల సంగతీ అంతే. బాపు వేసిన బొమ్మకు మూలన బాపు సంతకం ఉండాలి. చందమామ అట్టమీద వడ్డాది పాపయ్య బొమ్మకు "వపా" అన్న రెండక్షరాలు ఉండాలి. చిన్నపిల్లలు కూడా ఆ సంతకాలు చూసే బొమ్మ ఎవరిదో చెప్పేవాళ్లు. జింకు బ్లాకు చేసేవాడు అంచులు కత్తిరిస్తూ సంతకం సగం కోసేస్తే ఆ బ్లాకును వెనక్కి పంపి మళ్లీ చేయించిన రోజులున్నాయి. దానికి డబ్బయ్యేది, ఒక పూట ఆలస్యమయ్యేది. అయినా చేయించేవాళ్లం.

ఊళ్లలోని విలేకర్లు, ఫొటోగ్రాఫర్లు తమ పేరుతో అచ్చయిన ముక్కలు కత్తిరించి, కాగితానికి అంటించి, నెలాఖరున పంపేవాళ్లు. ఆ కటింగులే వాళ్ల బిల్లు. కింద పేరు పడకపోతే ఆ ఫొటో తనదేనని అతను రుజువు చేసుకోలేడు. అందుకే పేరు వేయడం మాకు మర్యాద ఒక్కటే కాదు, ఎదుటివాడి చేతికి అందే కూలి కూడా.

ఇప్పుడేం చూస్తున్నాను? ఆదివారం సంచిక తెరిస్తే పేజీ నిండా కోట బొమ్మ, కింద "ఫొటో: ఇంటర్నెట్". ఊరి చరిత్ర పుస్తకం తెరిస్తే గుడి గోపురం, కింద "సౌజన్యం: గూగుల్". కాలేజీ సావనీరులో పక్షి బొమ్మకు "సౌజన్యం: వికీపీడియా". కొంచెం చదువుకున్నవాడైతే "ఫొటో: క్రియేటివ్ కామన్స్" అని వేసి తన పని అయిపోయిందనుకుంటాడు. గూగుల్ ఏ కోట ముందూ కెమెరా పట్టుకుని నిలబడలేదు. ఎవరో ఒక మనిషి తన డబ్బుతో బస్సెక్కి వెళ్లి, వెలుగు కోసం కాచుకుని ఆ బొమ్మ తీశాడు. ఇంటికొచ్చి, "ఎవరైనా వాడుకోండి, నా పేరు మాత్రం చెప్పండి" అని రాసి లోకానికి ఇచ్చాడు. అతను అడిగింది అదొక్కటే, మనం ఎగ్గొడుతున్నదీ అదే. సొమ్మొకడిది సోకొకడిది అని మన పెద్దలు ఊరికే అనలేదు.

నన్ను చూడటానికి వచ్చే డెస్కు పిల్లలతో ఈ మాటంటే, "అది ఫ్రీ కదండీ, ఓపెన్ లైసెన్సు కదా" అంటారు. నా కోపమంతా ఆ మాట మీదే. ఓపెన్ లైసెన్సు అంటే హక్కులు వదిలేసుకోవడం కాదు. లారెన్స్ లెసిగ్, మరికొందరు కలిసి 2001లో క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ పెట్టారు. 2002 డిసెంబరులో దాని తొలి లైసెన్సులు వచ్చాయి. ఫొటోగ్రాఫర్‌కు ఉత్తరం రాసి అనుమతి కోసం ఎదురుచూసే పని లేకుండా, అతనే ముందుగా షరతులతో అనుమతి రాసి పెట్టే పద్ధతి అది. షరతు పాటించినంతకాలమే అనుమతి ఉంటుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న ఆరు రకాల లైసెన్సుల్లోనూ BY అన్న రెండక్షరాలు ఉంటాయి. తీసినవాడి పేరు చెప్పాలని వాటి అర్థం. SA ఉంటే, బొమ్మను మార్చి కొత్తది తయారుచేసినప్పుడు దాన్నీ అదే లైసెన్సుతో ఇవ్వాలి. NC ఉంటే వ్యాపారానికి పనికిరాదు. ND ఉంటే మార్చినదాన్ని నలుగురికీ పంచకూడదు. పేరుతో నిమిత్తం లేకుండా పూర్తిగా వదిలేసినది CC0 ఒక్కటే. దాని సంగతి వేరు.

మా కాలంలో పేరు ఫొటోకు అంటుకునే వచ్చేది. కాగితం తిరగేస్తే చాలు, కనబడేది. ఇప్పుడు బొమ్మ ఒకచోట, పేరు మరోచోట ఉంటున్నాయి. బొమ్మ మీద కుడి క్లిక్కు కొట్టి దించుకున్న క్షణమే పేరు అక్కడే ఉండిపోతుంది. వాట్సాప్‌లో ఒకసారి మామూలు ఫొటోగా పంపితే ఫైలు లోపల దాగిన సమాచారం కూడా పోతుంది. పేజీ పెట్టే కుర్రాడికి చేరేసరికి అది అనాథ బొమ్మ. కాబట్టి దించుకునే క్షణంలోనే పేరును మనమే చేత్తో రాసుకుని వెంట తెచ్చుకోవాలి. తర్వాత వెతుకుదాంలే అనుకుంటే దొరకదు.

రాసుకోవలసినవి నాలుగే. తీసినవారెవరు, బొమ్మ పేరేమిటి, ఎక్కడి నుంచి తీసుకున్నాం, ఏ లైసెన్సు. క్రియేటివ్ కామన్స్ తన సూచనల్లో ఈ నాలుగింటికి ఒక నిజమైన ఫొటోనే ఉదాహరణగా చూపించింది. ఆ సంస్థ పదో పుట్టినరోజు వేడుక శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగినప్పుడు తీసిన ఫొటో అది. తీసినాయన టిమొతీ వోల్మర్. దాన్నే పట్టుకుని మన పద్ధతిలో ఒక క్యాప్షన్ కట్టి చూపిస్తాను.

మొదట పేరు. ఫ్లికర్‌లో ఆ ఫొటో ఉన్న ఖాతా చిరునామాలో sixteenmilesofstring అని ఉంటుంది. అది ఖాతా గుర్తు మాత్రమే. మనిషి అసలు పేరు తెలిసినప్పుడు, ఆయన అదే వేయమన్నప్పుడు, ఖాతా గుర్తును వేయకూడదు. అదే, మారుపేరుతోనే తెలియాలనుకున్నవారికి మారుపేరే వేయాలి. ఇక్కడ ఎవరి ఇష్టం చెల్లుతుందంటే తీసినవాడిది, మనది కాదు. రెండోది బొమ్మ పేరు: Creative Commons 10th Birthday Celebration San Francisco. మనం దీన్ని తెలుగు చేసి వేస్తే వెతికేవాడికి దొరకదు. అందుకే తెలుగులో బొమ్మ గురించి చెప్పదలుచుకున్నది విడిగా చెప్పుకుని, అసలు పేరు అసలు అక్షరాల్లోనే ఉంచాలి. మూడోది చోటు: ఫ్లికర్‌లో ఆ ఫొటో ఒక్కదానికే ఉన్న పేజీ చిరునామా. ఫ్లికర్ మొదటి పేజీ చిరునామా వేస్తే, మనిషి ఇల్లు అడిగితే ఊరి పేరు చెప్పినట్టే. నాలుగోది లైసెన్సు: CC BY 4.0. చివరి అంకె దాకా వేయాలి. ఇవన్నీ కలిపితే క్యాప్షన్ ఇలా వస్తుంది:

```
పుట్టినరోజు వేడుక, శాన్ ఫ్రాన్సిస్కో.
ఫొటో: టిమొతీ వోల్మర్ (Timothy Vollmer),
"Creative Commons 10th Birthday Celebration San Francisco",
flickr.com/photos/sixteenmilesofstring/8256206923
లైసెన్సు: CC BY 4.0, creativecommons.org/licenses/by/4.0
```

ఇంతే. చిన్న అక్షరాల్లో వేస్తే ఒక కాలమ్ వెడల్పులో నాలుగైదు లైన్లు. బొమ్మకు అరపేజీ ఇచ్చినవాడికి, తీసినవాడి కోసం ఈ నాలుగు లైన్లు బరువవుతాయా?

ఇదే ఫొటోకు "ఫొటో: క్రియేటివ్ కామన్స్" అని వేస్తే ఎందుకు తప్పో ఆ సూచనల్లోనే చూపించారు. బొమ్మ పేరు లేదు. క్రియేటివ్ కామన్స్ ఫొటో తీసిన మనిషి కాదు. ఎక్కడ దొరికిందో లేదు. ఆరు లైసెన్సుల్లో ఏదో, ఎన్నో కూర్పో లేదు. నాలుగింటిలో ఒక్కటీ సరిగ్గా చెప్పకుండానే, చెప్పినట్టు కనిపించే క్యాప్షన్ అది. మన పత్రికల్లో సగం క్యాప్షన్లు ఇలాగే ఉంటున్నాయి. అసలేమీ వేయకపోతే పాఠకుడికి అనుమానమైనా వస్తుంది. ఇలా వేస్తే అంతా సవ్యంగా ఉందనుకుంటాడు.

అంకె సంగతి ఎందుకంత పట్టుబట్టి చెబుతున్నానంటే, ఈ లైసెన్సులు కాలంతోపాటు మారుతూ వచ్చాయి. 2.0 కూర్పు 2004లో, 3.0 కూర్పు 2007లో, 4.0 కూర్పు 2013 నవంబరులో వచ్చాయి. షరతుల్లో తేడాలున్నాయి. పాత కూర్పుల్లో తీసినవాడు బొమ్మకు పేరు పెట్టి ఉంటే దాన్ని వేసి తీరాలి. 4.0లో అది తప్పనిసరి కాదు. అయినా వేయడమే మంచిది, చోటు మారినా పేరుతో వెతుక్కోవచ్చు కాబట్టి. పాత కూర్పుల్లో షరతు తప్పితే లైసెన్సు ఆ క్షణమే రద్దవుతుంది, దానంతట అది తిరిగి రాదు. 4.0లో తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే లైసెన్సు దానంతటదే తిరిగి వస్తుంది. సరిదిద్దకముందు చేసిన తప్పుకు ఫొటోగ్రాఫర్ అడిగే హక్కు మాత్రం అలాగే ఉంటుంది. ఫ్లికర్‌లో, వికీమీడియా కామన్స్‌లో 2.0, 3.0 బొమ్మలు ఇప్పటికీ కుప్పలుగా ఉన్నాయి. వాటిని పేరు లేకుండా అచ్చువేసినవాడి చేతిలో ఆ క్షణం నుంచి అనుమతి లేనట్టే. రేపు ఫొటోగ్రాఫర్ బిల్లు పంపితే "మీరే ఫ్రీగా ఇచ్చారు కదా" అన్న మాట నిలబడదు. అచ్చయిపోయిన పత్రికను వెనక్కి పిలిచి సరిదిద్దడమూ కుదరదు. వెబ్ పేజీ అయితే రాత్రికి రాత్రి దిద్దవచ్చు. అచ్చుకు ఆ వెసులుబాటు లేదు గనుక అచ్చువేసేవాడే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇక పేరు ఎక్కడ వెతకాలన్నది. వికీమీడియా కామన్స్ 2004 సెప్టెంబరులో మొదలైంది. ఇప్పుడందులో పది కోట్లకు పైగా ఫైళ్లున్నాయి. మన గుళ్లు, కోటలు, చెరువులు, జాతరలు ఎన్నో అందులో ఉన్నాయి. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లు సొంత ఖర్చుతో తిరిగి తీసి పెట్టినవి వాటిలో చాలానే ఉన్నాయి. మా కాలంలో ఒక కోట ఫొటో కావాలంటే ఆ ఊళ్లో స్టూడియో ఉన్నాయనకు ఉత్తరం రాసి, ఆయన తీసి, కడిగి, బస్సు పార్సిల్‌లో వేస్తే వారం తర్వాత అందేది. ఇప్పుడు నిమిషంలో దొరుకుతోంది. ఇంత సుఖం వచ్చాక కూడా పేరు వేయడానికి తీరిక లేదంటే నాకు మింగుడుపడటం లేదు.

వికీపీడియా వ్యాసంలో బొమ్మ మీద నొక్కితే పెద్దదిగా తెరుచుకుంటుంది. అక్కడితో ఆగకూడదు. దాని అసలు ఫైలు పేజీకి వెళ్లాలి. బొమ్మ కింద ఒక పట్టిక ఉంటుంది. అందులో వివరణ, తేదీ, Source, Author అన్న గడులుంటాయి. దాని కిందే లైసెన్సు పెట్టె ఉంటుంది. Source దగ్గర Own work అని ఉంటే, ఎక్కించినాయనే తీసినాయన అని అర్థం. అక్కడ ఫ్లికర్ చిరునామా ఉంటే తీసినాయన ఇంకొకరు, ఎక్కించినాయన ఇంకొకరు. ఎక్కించినాయన పేరు వేసి ఊరుకునేవాళ్లు ఎందరో. అది తపాలా జవాను పేరు వేసినట్టే. కొందరు లైసెన్సు పెట్టెలోనే "నా పేరు ఇలా వేయండి" అని రాసి పెడతారు. అది ఉంటే అక్షరం మార్చకుండా అలాగే వేయాలి. ఒకరు తీసినదాన్ని మరొకరు రంగులు సరిచేసి మళ్లీ పెట్టి ఉంటే ఇద్దరి పేర్లూ రావాలి. ఇవన్నీ చూసుకునే ఓపిక లేనివారి కోసం ఆ పేజీలోనే "Use this file" అన్న మీట కూడా ఉంది. నొక్కితే సిద్ధంగా ఒక లైను ఇస్తుంది. దాన్ని తెచ్చుకుని తెలుగులో అమర్చుకోవడమే మిగిలిన పని.

ఎక్కించినవాడు నిజం చెప్పాడా అన్నది మరో సంగతి. తనది కానిదాన్ని తనదని ఎక్కించి దాని మీద CC BY అని ముద్ర వేసే మహానుభావులూ ఉన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే ఆ దానం చెల్లదు. తనకు లేని హక్కును ఎవడూ ఇంకొకడికి ఇవ్వలేడు. మా కాలంలో స్టాంపు మీద స్టాంపు కొట్టిన ఫొటో వస్తే పట్టేసేవాళ్లం. ఇప్పుడూ గుర్తులున్నాయి. ఫైలు మరీ చిన్నది, కెమెరా వివరాలేవీ లేవు, మూలన ఏదో పత్రిక గుర్తు సగం కనిపిస్తోంది, లేదా సినిమా స్టిల్లులా ఉంది, అదే ఖాతాలోని మిగతా ఫొటోలు ఒక్కొక్కటి ఒక్కో కెమెరాతో తీసినవి. ఇలాంటివి కనబడితే బొమ్మతోనే బొమ్మను వెతికే సదుపాయం వాడి చూడాలి. అంతకు ముందు తేదీతో ఇంకెక్కడో పెద్ద సైజులో కనబడిందంటే ఆ లైసెన్సును నమ్మకూడదు. కింద ఎంత చక్కని క్యాప్షన్ రాసినా ఆ తప్పు పోదు.

కత్తెర గురించి కూడా ఒక మాట. ఫొటో వెనక మెత్తని పెన్సిల్‌తో గీతలు గీసి, ఎక్కడ కోయాలో బ్లాకు చేసేవాడికి చెప్పేవాళ్లం. అప్పుడూ కోశాం, ఇప్పుడూ కోస్తారు. కానీ 4.0 లైసెన్సు బొమ్మలో ఏ మార్పు చేసినా చెప్పమంటుంది. అంచులు కోసినా, రంగులు తీసి నలుపు తెలుపు చేసినా, పైన అక్షరాలు రాసినా ఆ సంగతి చెప్పాలి. పెద్ద వివరణ అక్కర్లేదు. పైన కట్టిన క్యాప్షన్‌లో లైసెన్సు ముందు "రంగులు తొలగించాం" అనో "ఎడమవైపు కత్తిరించాం" అనో రెండు మాటలు చేరిస్తే చాలు. ఎందుకంటే ఆ బొమ్మ కింద ఉన్నది తీసినవాడి పేరు. గోపురం పక్కన చెట్టు మాయమైతే ఆ పాపం ఆయన ఖాతాలో పడకూడదు. ND ఉన్న బొమ్మనైతే ఇలా మార్చి అచ్చువేయడానికే వీల్లేదు. దాన్ని ఉన్నదున్నట్టు వేయాలి, లేదా వదిలేయాలి.

"అట్టమీద బొమ్మకు క్యాప్షన్ ఎక్కడ పెట్టమంటారు?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. లైసెన్సు కూడా మొండిపట్టు పట్టదు. మాధ్యమాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి సబబైన తీరులో వేయమంటుంది. దీని మీద అమెరికాలో ఒక కేసు కూడా నడిచింది. మేరీల్యాండ్ రాష్ట్రంలోని మాంట్‌గొమరీ కౌంటీకి కప్పా మ్యాప్ గ్రూప్ అనే సంస్థ ఒక అట్లాసు అచ్చువేసింది. ముందు అట్ట మీద స్వేన్స్ లాక్ అనే చోట తీసిన ఫొటో వేశారు. డ్రాగ్లిస్ అనే ఆయన దాన్ని CC BY-SA 2.0 లైసెన్సుతో ఫ్లికర్‌లో పెట్టారు. ప్రచురణకర్తలు వెనక అట్ట మీద బొమ్మ పేరు, తీసినవాళ్ల పేర్లు, CC-BY-SA-2.0 అన్న లైసెన్సు గుర్తు వేశారు. అయినా ఫొటోగ్రాఫర్ కోర్టుకెక్కారు. లైసెన్సు చిరునామా ఇవ్వలేదన్నారు. పేరు వేసిన తీరు చాలదన్నారు. SA షరతు ఉంది గనుక అట్లాసంతటినీ అదే లైసెన్సుతో ఇవ్వాలన్నారు.

వాషింగ్టన్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టు 2015లో ప్రచురణకర్తల పక్షాన తీర్పు చెప్పింది. లైసెన్సు పేరు, కూర్పు అంకె ఉన్నాయి కాబట్టి పాఠకుడు దాన్ని పట్టుకోగలడు, అది చాలన్నది. వెనక అట్ట మీద వేసిన పేరు సరిపోతుందన్నది. ఫొటోను అట్టమీద పెట్టుకున్నంతమాత్రాన పుస్తకమంతా ఆ ఫొటో నుంచి పుట్టినదైపోదు, SA షరతు పుస్తకం మొత్తానికి పాకదు అన్నది. మన డెస్కుల్లో చాలామంది SA అక్షరాలు చూడగానే పత్రికంతా ఊరికే పంచాలేమోనని భయపడతారు. ఆ తీర్పు చదివితే ఆ భయం చాలావరకు తీరుతుంది. అది అమెరికా కోర్టు తీర్పు, మన కోర్టులను కట్టేయదు. మన దగ్గర 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ రచయితకు, తన కృతి తనదని చెప్పుకునే హక్కును విడిగా ఇచ్చింది. ఆ హక్కు కాపీరైట్ అమ్మేసుకున్నా పోదు.

ఆ కేసులో నాకు నచ్చినది వేరే ఉంది. ఆ ప్రచురణకర్తలను కాపాడింది వెనక అట్ట మీది ఆ చిన్న అక్షరాల లైనే. అది లేకపోతే వాళ్ల దగ్గర చెప్పుకోవడానికి మాటే ఉండేది కాదు. అందులో కూడా ఒక లోటుంది. అసలు ఫొటో పేజీ చిరునామా అందులో లేదు. కోర్టుకు అది అడ్డు కాకపోవచ్చు. కానీ ఆ బొమ్మ చూసి ముచ్చటపడిన పాఠకుడు ఎక్కడికి వెళ్లాలి? చట్టానికి చాలినదీ పాఠకుడికి చాలినదీ ఎప్పుడూ ఒకటి కావు. ఆ నాలుగు వివరాల్లో ఒకటి వదిలేయమని ఏ కోర్టూ చెప్పలేదు, ఏ పాఠకుడూ కోరలేదు.

కాబట్టి అచ్చులో ఎక్కడ వేయాలంటే, లోపలి పేజీ బొమ్మకు బొమ్మ కిందే. చోటు నిజంగా ఇరుకైతే బొమ్మ కింద తీసినవారి పేరు, లైసెన్సు మాత్రం వేసి, పూర్తి వివరం పుస్తకం చివర పేజీ నంబర్ల వారీగా ఇవ్వవచ్చు. అట్టబొమ్మకు లోపలి అట్ట మీదో, సంపాదకుల పేర్లుండే పేజీలోనో వేయవచ్చు. ఎక్కడ వేసినా ఏ బొమ్మకు ఏ పేరో తికమక లేకుండా తెలియాలి. చివరి పేజీలో "ఈ సంచికలోని ఫొటోలు" అని పదిమంది పేర్లు వరసగా కలిపి వేయడం నేను చూశాను. ఎవరు ఏది తీశారో తీసినవాళ్లకే తెలియాలి. అలాంటి జాబితా వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే.

చిరునామాలు చాంతాడంత ఉంటాయని గోల. నిజమే, కామన్స్ ఫైళ్ల పేర్లు కొన్ని చాలా పొడుగు. అచ్చులో చిరునామా లైను విరిగినప్పుడు ప్రోగ్రాము మధ్యలో హైఫన్ పెడుతుంది. అది చూసి టైపు చేసినవాడికి పేజీ దొరకదు. ప్రూఫు చూసేవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. తెలుగు చిరునామా అయితే అడ్రసు పట్టీలో చూపించినట్టు ఉండదు, కాపీ చేస్తే శాతం గుర్తులతో పెద్ద తాడైపోతుంది. అలాంటప్పుడు "వికీమీడియా కామన్స్" అని చోటు చెప్పి, ఫైలు పేరును ఉన్నది ఉన్నట్టు వేస్తే పాఠకుడు వెతుక్కోగలడు. మా ప్రూఫ్ రీడర్లు అరసున్న ఎగిరిపోతే పట్టేవాళ్లు. ఇప్పటివాళ్లు చిరునామాలో ఒక గీత చేరితే పట్టలేరా? పట్టగలరు. పట్టమని చెప్పేవాళ్లు లేరు, అంతే.

మా రోజుల్లో ఫొటోకు డబ్బిచ్చేవాళ్లం, పేరూ వేసేవాళ్లం. ఇప్పుడు డబ్బివ్వక్కర్లేకుండా పోయింది. మిగిలినది పేరొక్కటే. తీసినవాడికి ముట్టే కూలి మొత్తం అదే. ఆ పేరు చూసి రేపు ఇంకో పత్రికవాడు అతన్ని పిలుస్తాడు, ఇంకో పుస్తకానికి పని ఇస్తాడు, ఆ ఊరివాళ్లు "ఇది మనవాడు తీసింది" అనుకుంటారు. మొన్న ఒక కుర్రాడు కలిశాడు. అతని ఫొటోలు మూడు జిల్లాల పుస్తకాల్లో వచ్చాయి, ఒక్కదాని కిందా అతని పేరు లేదు. ఇక మీదట ఓపెన్‌గా పెట్టనన్నాడు. నేనతన్ని తప్పుపట్టలేకపోయాను. ఇలాంటివాళ్లు నలుగురు చేయి ముడుచుకుంటే, మన కోటలకూ గుళ్లకూ మళ్లీ స్టూడియోవాళ్లకు ఉత్తరాలు రాసే రోజులే వస్తాయి. ఈసారి ఉత్తరం రాయడానికి ఆ స్టూడియోలు కూడా లేవు.

పేజీ పెట్టే పిల్లలకు నేను చెప్పేదొకటే. బొమ్మ దించుకున్నప్పుడే ఫైలు పక్కన ఒక చిన్న నోటు తెరిచి పేరు, బొమ్మ పేరు, చోటు, లైసెన్సు అంకెతో సహా నాలుగు లైన్లు రాసి పెట్టుకోండి. తేదీ కూడా వేసుకోండి. రేపు ఫొటోగ్రాఫర్ లైసెన్సు మార్చుకున్నా, మీరు తీసుకున్న నాటి అనుమతి మీకు చెల్లుతుంది. అది చూపించుకోవడానికి తేదీ కావాలి. ఆ నోటు లేని బొమ్మను పేజీలో పెట్టకండి. ఎవరైనా తొందరపెడితే, మా పెద్దాయన అడిగిన ప్రశ్నే మీరూ అడగండి. జవాబు రాకపోతే ఆ బొమ్మ లేకుండానే పేజీ వదలండి. పేజీకి బొమ్మ లేకపోతే ఎవరూ కేసు పెట్టరు, ఎవరి కూలీ పోదు.